లాడ్‌బజార్ గాజులు – సెక్షన్ 16

చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో ఒకరు లక్క గాజుల సెట్టు అడిగి, వెలుతురులో తిప్పి చూసి కొన్నారనుకుందాం. ఇంటికెళ్లాక చూస్తే ఒక గాజుకు పైకే కనిపించే పగులు ఉంది. ఇంకో గాజుకు తొడిగిన మర్నాడే రాళ్లు ఊడాయి, వాటి కింద లక్క సరిగా పట్టలేదు. దుకాణదారు దేనికి బాధ్యుడు?

వస్తువుల విక్రయ చట్టం, 1930లో మూలసూత్రం ‘కేవియట్ ఎంప్టర్’. అంటే చూసుకొని కొనాల్సింది కొనేవారే. సెక్షన్ 16 ఈ సూత్రంతోనే మొదలై, తర్వాత మినహాయింపులు చెబుతుంది. అలాంటి సరుకే అమ్మే వ్యాపారి దగ్గర ఫలానా వస్తువని అడిగి కొంటే, అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు మాటల్లో చెప్పకపోయినా ఉన్నట్టే. అయితే కొనేవారు పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపానికి ఈ షరతు వర్తించదు. కాబట్టి పగులు నష్టం కొన్నవారిదే. రాళ్ల కింది లోపం చూస్తే తెలిసేది కాదు, దానికి దుకాణదారే బాధ్యుడు.

ఈ సెక్షన్‌లో పరీక్ష రాసే అభ్యర్థులు తడబడేది ‘ప్రయోజనానికి తగినది’ అన్న మరో షరతు దగ్గర. కొనేవారు తమ అవసరం తెలియజేసి, అమ్మేవారి నైపుణ్యంపై ఆధారపడితేనే ఆ షరతు పుడుతుంది. పేటెంట్ పేరుతోనో వ్యాపార నామంతోనో అడిగి కొన్న వస్తువుకు అది ఉండదు.

షరతు తప్పితే సరుకు తిరస్కరించవచ్చు. తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా సమంజసమైన గడువు దాటేదాకా ఉంచుకుంటే మాత్రం మిగిలేది నష్టపరిహారం హక్కు ఒక్కటే.