అప్పగింతల వేళ తమ్ముడి మూడు నిమిషాలు

మన పెళ్లి తంతులో తోడబుట్టినవాడి చేతికి పని ఉంది. లాజహోమం చేసే ఇళ్లలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోసేది అతడే. అప్పగింతలకు వచ్చేసరికి మాత్రం అమ్మానాన్నలు కూతురి చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతుంటే, తమ్ముడు కారులో సామాన్లు సర్దుతూ ఎక్కడో ఉంటాడు. అలాంటివాణ్ణి పిలిచి, మైకు ఇచ్చి, "అక్క గురించి నాలుగు మాటలు చెప్పురా" అంటే ఏం చెప్పాలి?

ముందుగా తేల్చుకోవాల్సింది ఎప్పుడు మాట్లాడాలన్నది. పాలపళ్లెం వచ్చాక అమ్మ ఏడుపు మొదలవుతుంది. ఆ తర్వాత నవ్వించాలని చూస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే భోజనాలు అయ్యాక, అప్పగింతలకు పీటలు వేయకముందే మాట్లాడాలి. మేళగాళ్లకు ముందే ఒక మాట చెప్పి ఉంచాలి, లేకపోతే సరిగ్గా గొంతు పూడుకుపోయే చోట డోలు మోగుతుంది. మూడు నిమిషాలు చాలు.

జ్ఞాపకాల విషయంలో చాలామంది పొరబడేది ఒకచోటే. నవ్వించే కథలు నాలుగు వరుసగా చెప్పి, ఆఖర్లో ఉన్నట్టుండి "అక్కా, నువ్వు లేకపోతే..." అని కన్నీళ్లలోకి దిగుతారు. రెండూ అతకవు. కథ ఒక్కటే తీసుకోవాలి. ఏ జ్ఞాపకం నవ్వించిందో ఆ జ్ఞాపకమే రెండో సగంలో మనసును తాకాలి.

వేంపల్లెలో ఒక తమ్ముడు ఉన్నాడనుకుందాం. అక్కాతమ్ముళ్లిద్దరూ చదువుకు రోజూ పులివెందుల బస్సు ఎక్కినవాళ్లు. అతను ఇలా మొదలుపెట్టవచ్చు: "అత్తా, మామా, మా అక్క నెమ్మదస్తురాలని మీరు అనుకుంటాండారు. బస్సు బస్టాండులోకి రాంగానే కిటికీలోంచి నా పుస్తకాల సంచి సీట్లోకి ఇసిరేసేది. ఎవరన్నా ఆ సీట్లో కూర్చుంటే ఊరుకునేది కాదు. ఒకసారి సంచి పోయి ఒక పెద్దాయన ఒళ్లో పడింది. ఆయన తిడతాంటే, మా తమ్మునిది అని నన్ను చూపించింది."

మండపమంతా నవ్వుతుంది. నవ్వు పూర్తిగా తగ్గేదాకా ఆగాలి. ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గించి: "ఆ సీటు ఎప్పుడూ ఒకటే దొరికేది. నేను కూర్చునేవాణ్ణి, అక్క నిలబడేది. ఇన్నేండ్లలో అది నాకు తోచనే లేదు. మొన్న పెండ్లి పత్రికలు పంచను ఒక్కణ్ణే బస్సెక్కి, సీటు లేక కమ్మీ పట్టుకోని నిలబడినప్పుడు తెలిసింది."

ఇందులో ప్రేమ, త్యాగం అన్న మాటలు ఎక్కడా లేవు. ఆ పని అతను సీటుకు, కమ్మీకి అప్పజెప్పాడు. ఎగతాళి ఉంది, కానీ ఆ నవ్వు వల్ల అక్కకు చిన్నతనం రాలేదు. ఏ కథ చెప్పాలన్నా నాకు తోచిన పరీక్ష ఇదే: రేపు అత్తగారింట్లో ఎవరైనా ఆ కథే ఎత్తి దెప్పిపొడిచే వీలుందా? పరీక్ష తప్పడం, వంట రాకపోవడం, రంగు, లావు, తప్పిపోయిన సంబంధాలు, ఇవన్నీ పుట్టింట్లో తమాషాలే. గడప దాటితే ఆడపిల్ల మీద ముద్రలవుతాయి. వాటిని తాకకూడదు.

ఇక బావతో చెప్పే మాట. "మా అక్క కంట నీరు రానీయొద్దు" అనడం మనకు అలవాటు. నిండు మండపంలో అది ముందే వేసిన నింద లాగా వినిపిస్తుంది. దానికి బదులు అక్కతో కలిసి పెరిగినవాడికే తెలిసిన చిన్న సంగతి ఒకటి అందిస్తే బావకు రేపటి నుంచే పనికొస్తుంది: "బావా, అక్క ఆకలైతాందని ఎప్పుడూ చెప్పదు. తలనొప్పి అంటాది. అప్పుడు మాత్రకు ముందు అన్నం అడుగు."

సాధన గొంతెత్తి చేయాలి, మనసులో చదువుకుంటే లాభం లేదు. నాలుగైదుసార్లు చెప్పి చూస్తే గొంతు ఏ మాట దగ్గర పట్టేస్తోందో తెలుస్తుంది. ఆ వాక్యాన్ని తుంచి పొట్టిది చేసుకోవాలి, పొడవాటి వాక్యం మధ్యలో గొంతు పోతే తిరిగి అందుకోవడం కష్టం. మొదటి వాక్యం, చివరి వాక్యం కంఠస్థం వస్తే చాలు, కాగితం అక్కర్లేదు. మాట్లాడేటప్పుడు అమ్మ వైపు చూడకుండా వెనక వరుసలో ఉన్న స్నేహితుణ్ణి చూడాలి. అయినా కన్నీళ్లు వస్తే రానీ. ఆగి, గుక్కెడు నీళ్లు తాగి, ఆగిన మాట నుంచే ఎత్తుకోవాలి. క్షమాపణ చెప్పే పని లేదు.

చివరి వాక్యం అక్కకే చెప్పాలి, అదీ తాను నిలబెట్టుకోగలిగింది: "గండిలో శ్రావణ శనివారాలకు నేనే వచ్చి పిల్చకపోతా, సంచి సర్దుకోని ఉండు." ఆ మాట అయ్యాక మైకు అక్క చేతికి ఇచ్చి ఆమెనూ మాట్లాడమని బలవంతపెట్టకూడదు. మైకు పక్కన పెట్టి, పాలపళ్లెం తనే తెచ్చి అమ్మానాన్నల ముందు పెట్టాలి.