జాతకచక్రం ఏం చెప్పగలదు?

"పుట్టిన సమయం, ఊరు చెబితే చాలు, అప్పుడు ఏ గ్రహం ఏ రాశిలో ఉందో చెప్పేస్తాం" అన్నారు జ్యోతిష్కుడు.

"ఆ లెక్క ఖగోళశాస్త్రమే, ఒప్పుకుంటాను. దాన్నిబట్టి మనిషి తెలివి చెప్పగలరా?" అడిగాడు ఇంజినీరు.

"తప్పకుండా!"

మహారాష్ట్రలో ఖగోళ భౌతిక శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం చేసిన పరీక్షను ఇంజినీరు వివరించాడు. చదువులో చురుకైన పిల్లలవి 100, మేధో వైకల్యం ఉన్నవారివి 100 జాతకాలు పేర్లు లేకుండా కలిపేశారు. 27 మంది జ్యోతిష్కులు తలా 40 జాతకాలు చూసి, ఏది ఎవరిదో చెప్పారు. సరిపోయినవి 46 శాతమే.

"నాణెం ఎగరేసినా సగం సరిపోతాయి కదండీ!"

"లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. వాళ్ల జన్మసమయాలు తప్పై ఉండొచ్చు."

"మరి మీ దగ్గరికొచ్చే వాళ్ల సమయాలు సరైనవేనని ఎలా తెలుసుకుంటారు?"

జ్యోతిష్కుడు చక్రం వైపు చూస్తూ ఉండిపోయారు.