ఉడుత మామ చిల్లర

కుందేలు పిల్ల ఉడుత మామ కొట్టుకొచ్చి అరకిలో బెల్లం అడిగింది. బెల్లం 40 రూపాయలు. పిల్ల 50 ఇచ్చింది, మామ 10 తిరిగిచ్చాడు.

రాత్రి కొట్టు కట్టేముందు చూస్తే, అమ్మిన లెక్క కన్నా గల్లాపెట్టెలో 50 ఎక్కువ! మామ మళ్ళీ లెక్కపెట్టాడు. అంతే. నోట్లు ఒక్కొక్కటే విడదీశాడు. కొత్త 50 నోట్లు రెండు అతుక్కుని ఉన్నాయి! ఆ రోజు 50 నోటు తెచ్చింది కుందేలు పిల్లే.

వానలోనే గొడుగేసుకుని బయలుదేరాడు. అక్కడ కుందేలమ్మ కోప్పడుతోంది. "వంద ఇచ్చాను కదా, పదే తెచ్చావేం?" పిల్ల ఏడుస్తోంది.

"పిల్లనేమీ అనకమ్మా, ఇదిగో నీ 50" అన్నాడు మామ.

కుందేలమ్మ పిల్ల కళ్ళు తుడిచింది.

(పెద్దలకు: చదివాక, వందలో 40 పోతే ఎంత రావాలో పిల్లలనే నోట్లతో లెక్కపెట్టనివ్వండి.)