గోలీల కవరుతో ఇంటికొచ్చాక
సందేహాలు – సమాధానాలు

గుండెపోటు వచ్చి, దవాఖాన నుంచి ఇల్లు చేరినవాళ్ళ కోసం ఈ కాగితం. పెద్దమందడి వైపు నుంచి వచ్చే ఉత్తరాలు పేషెంటు చేత్తో రాసినవి కావు. కొడుకో, కోడలో, బడికి పోయే మనవరాలో రాసినవి. అందుకే చదువు వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని బిగ్గరగా చదివి వినిపించండి. పూటకు ఒక ఉత్తరం చాలు.

సార్, మా నాయినకు 58 ఏండ్లు. హైదరాబాద్‌ల స్టెంట్ వేసి నాలుగో రోజు పంపిండ్రు. కవరు నిండా గోలీలున్నయి. నాయినకు చదువు రాదు, నేను పొద్దున్నే పనికి పోత. ఒక పూట గోలీ మరిచినా, తప్పు గోలీ వేసుకున్నా గుండె ఆగుతదా?

ముందు మీరు కుదుటపడండి. ఒక పూట గోలీ తప్పినంత మాత్రాన గుండె ఆగిపోదు. గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు, తర్వాతి గోలీ వేళ దగ్గర పడితే తప్పినదాన్ని వదిలేయాలి. రెండు పూటలవి కలిపి మాత్రం వేసుకోకూడదు.

ఇక ఇంట్లో ఒక పాత క్యాలెండర్ అట్ట తీసుకోండి. ఒక పక్క సూర్యుడు, ఇంకో పక్క చంద్రుడు గీయండి. పొద్దున వేసుకునే ప్రతి మందు ఖాళీ షీటు ముక్కను సూర్యుడి కింద, రాత్రివి చంద్రుడి కింద అంటించండి. తిన్నాక వేసుకోవాల్సినవాటి పక్కన ఒక కంచం బొమ్మ వేయండి. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే గోలీని ఈ అట్ట మీద అంటించకండి. అది రోజువారీ మందు కాదు, దాని డబ్బా వేరు, అది చొక్కా జేబులో ఉండాలి.

తర్వాత నాయినను "సమజైందా?" అని అడగకండి. అలా అడిగితే ఎవరైనా "ఆ" అనే అంటారు, నేనైనా అంతే. "రేపు పొద్దున ఏవేవి వేసుకుంటవో తీసి చూపెట్టు" అనండి. తప్పు తీస్తే కోప్పడకుండా మళ్ళీ చెప్పి, మళ్ళీ తీయించండి. మూడు రోజులు వరుసగా సరిగ్గా తీస్తే మీరు నిశ్చింతగా పనికి పోవచ్చు.

అసలు పొరపాటు వచ్చే నెల జరుగుతుంది. మెడికల్ షాపులో అదే మందు వేరే కంపెనీది ఇస్తారు, రంగు మారుతుంది. "ఇది కొత్త గోలీ" అనుకుని పాతదీ కొత్తదీ రెండూ వేసుకునేవాళ్ళున్నారు. ఇంట్లో పాత బీపీ గోలీలు ఉన్నా ఇదే చిక్కు, రెండింటిలో ఒకే మందు ఉండొచ్చు. అందుకే పాత షీట్లన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. ఏడు గోలీలు మిగిలినప్పుడే మళ్ళీ తెచ్చుకోండి. ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ వేసి ఉంటే, తర్వాతి మందుల సంగతి దవాఖానలోని ఆరోగ్యమిత్రను అడగండి.

మా మామ నెల దాటినంక మంచిగనే తిరుగుతుండు. గోలీలు వేడి చేస్తున్నయి, ఇగ చాలు అంటుండు. పంటి డాక్టరు కూడ పన్ను తీయాల్నంటే రక్తం పలుచన చేసే గోలీలు ఆపాల్నంటుండు. ఆపొచ్చా?

వద్దమ్మా. బాగున్నారంటే ఆ గోలీల వల్లే. బోరు గోడ కూలకుండా కేసింగ్ పైపు దింపినట్టు, మూసుకుపోయిన రక్తనాళం తెరిచి ఉండటానికి లోపల సన్నటి జాలీ గొట్టం పెడతారు, అదే స్టెంట్. దాని మీద మన చర్మం లాంటి పొర పేరుకోవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా రక్తం ఆ జాలీని పరాయి వస్తువుగా చూస్తుంది, దాని మీద గడ్డకట్టాలని చూస్తుంది. ఆస్పిరిన్, దానికి తోడు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్, ఈ రెండే అడ్డం నిలుస్తాయి. ఆపేస్తే స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోవచ్చు, ఆ గుండెపోటు మొదటిదానికన్నా ప్రమాదం.

సాధారణంగా రెండూ కలిపి 12 నెలలు వాడాలి, తర్వాత ఒకటి ఎప్పటికీ ఉంటుంది. గడువు తగ్గించాలన్నా పెంచాలన్నా గుండె డాక్టరే చెప్పాలి. పన్ను తీయడం మామూలుగా గోలీలు ఆపకుండానే జరుగుతుంది. పంటి డాక్టరును గుండె డాక్టరుతో ఒకసారి ఫోన్లో మాట్లాడమనండి. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలో కాస్త రక్తం, చేతి మీద నీలం మచ్చ కనిపించడం మామూలే. దొడ్డికి తారులా నల్లగా జిగటగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా ఆ రోజే దవాఖానకు పోవాలి.

నాకు రాత్రి ఛాతీల సూదితో గుచ్చినట్టయితది. మళ్ళ గుండెపోటేనా అని నిద్ర పడ్తలేదు. మా ఆయనను లేపాల్నంటే భయం.

మీరు భయపడటం సహజమే. ఒక్క వేలితో చూపించగలిగే చోట, రెప్పపాటు గుచ్చి పోయేది చాలాసార్లు కండరం నొప్పే. గుండె నొప్పి అలా ఉండదు: అరచేయి మొత్తం పెట్టి చూపించాల్సి వస్తుంది, బండరాయి పెట్టినట్టు బరువు, దవడకో ఎడమ చేతికో పాకడం, చెమటలు. ఆడవాళ్ళలో, షుగరున్నవాళ్ళలో నొప్పి అంతగా లేకుండా గ్యాస్‌లా, ఆయాసంలా, ఒళ్ళంతా నీరసంలా కూడా రావచ్చు.

అలా వస్తే నిలబడి ఉండకండి, కూర్చోండి. నాలుక కింద గోలీ ఒకటి పెట్టి కరగనివ్వండి, మింగొద్దు. తల దిమ్ముగా ఉండటం ఆ గోలీ గుణం. 5 నిమిషాల్లో తగ్గకపోతే, లేదా అంతకుముందే పెరుగుతుంటే 108కి ఫోన్ చేయండి. బండి మీద వెనక కూర్చుని పోవద్దు, ఈనో తాగి చూద్దామనుకోవద్దు. ఇక మీ ఆయనను లేపడానికి మొహమాటం దేనికి? లేపండి.

మోకాళ్ళ నొప్పికి మా ఊరి ఆర్ఎంపీ సూది వేస్తే గంటల తగ్గేది. ఇప్పుడు వేయించుకోవచ్చా?

ఆ సూది చాలాసార్లు డైక్లోఫెనాక్. గుండెపోటు తర్వాత అది మంచిది కాదు. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తం కారొచ్చు, గుండెకూ భారం. నొప్పికి పారాసెటమాల్ వాడొచ్చు. "నాకు స్టెంట్ ఉంది" అని ముందే చెప్తే ఆయనకూ తెలుస్తుంది, మీకూ మేలు.

మళ్ళ పొలం పని చేయొచ్చా? ఇంట్ల కూసుంటే పానం పోయినట్టుంది.

చాలామంది చేస్తారు, మీరూ చేయగలరు. మొదటి వారం ఇంటి నుంచి గుడిదాకా పోయి రండి, పొద్దునా సాయంత్రం పది నిమిషాలు. నడుస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం సరిపోయినట్టు, మాట తెగుతుంటే ఆగండి. నిండు బిందె అంటే దాదాపు 15 కిలోలు, మందు కొట్టే పంపు నిండితే అంతకన్నా ఎక్కువ; రెండూ మొదటి నెల వద్దు. చేతి మణికట్టు నుంచి స్టెంట్ వేసి ఉంటే అక్కడ కమిలినట్టు ఉండటం మామూలే. వాపు పెరుగుతున్నా రక్తం కారుతున్నా 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టి, ఆగకపోతే 108కి చెప్పండి. నాలుగు నుంచి ఆరు వారాలకు పరీక్షకు పోయినప్పుడు నాగలి, ట్రాక్టరు, పంపు ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగండి. "పని చేయొచ్చా" అంటే డాక్టరు కుర్చీలో చేసే పని అనుకుంటాడు.

అవ్వకు కాళ్ళు ఉబ్బినయి. రాత్రి లేసి కూసుంటుంది.

కూర్చుంటే కాస్త కాళ్ళు ఉబ్బడం వేరు. కానీ పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం గుండె అలసిందనడానికి గుర్తు. దీన్ని రేపటికి వాయిదా వేయకండి. ఈ రోజే చూపించండి, ఆయాసం ఎక్కువైతే 108. ఇకమీద అవ్వ బరువును రోజూ పొద్దున చూడండి: రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఇంట్లో తూకం లేకపోతే పట్టీలు బిగుసుకోవడం చూసినా తెలుస్తుంది. అన్నంలో ఊరగాయ, అప్పడం తగ్గించండి. రోజంతటికీ ఒక చెంచా ఉప్పు, అందులోనే కూరదీ పచ్చడిదీ.

ఎడమ పక్కకు పండుకుంటే గుండె నలుగుతదంటున్నరు. నిజమేనా?

నలగదు పెద్దాయనా. మీకు ఏ పక్క నిద్ర పడితే ఆ పక్కకే పడుకోండి.