ఒక నిమిషం వీడియోకి ఎన్ని క్రెడిట్లు?

గజేంద్ర మోక్షం మీద ఒక నిమిషం వీడియో చేయాలనుకోండి. ఐదేసి సెకన్ల క్లిప్పులు 12 కావాలి. రన్‌వే జెన్-4 టర్బోలో సెకనుకి 5 క్రెడిట్ల చొప్పున క్లిప్పుకి 25, మొత్తం 300. స్టాండర్డ్ ప్లాన్‌లో నెలకి 625 వస్తాయి కాబట్టి సరిపోతాయనిపిస్తుంది. కానీ పాడైన క్లిప్పుకీ క్రెడిట్లు కట్ అవుతాయి.

అందుకే ముందు ఒక్కో రకం షాట్‌ని కొన్నిసార్లు తీసి చూసి, ఎన్నిట్లో ఒకటి బాగొస్తోందో లెక్కపెట్టండి. సరస్సు, ఏనుగుల షాట్లు 9 ఉన్నాయనుకుందాం. రెండిట్లో ఒకటి బాగొస్తే 9×2×25 = 450. విష్ణుమూర్తి షాట్లు 3. ఇవే కష్టం: కదిలేటప్పుడు నాలుగు చేతులు మూడైపోతాయి, శంఖం, చక్రం ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. ఐదిట్లో ఒకటే బాగొస్తే 3×5×25 = 375. మొత్తం 825. ఇది సగటు లెక్కే కాబట్టి ఇంకో 20 శాతం కలిపి 990 పెట్టుకోండి. అంటే ఒక నెల ప్లాన్ చాలదు.

తగ్గించాలంటే, మొదటి ఫ్రేమ్‌గా ఇచ్చే ఫొటోలోనే చేతులు, ఆయుధాలు సరిచూసుకోండి. ఫొటో మళ్ళీ చేయించడం క్లిప్పుకన్నా చవక. ఐదుసార్లకీ కుదరకపోతే ఆరోసారి ప్రయత్నించకుండా షాటే మార్చేయండి. స్వామి పూర్తి రూపం బదులు నీళ్ళమీద గరుడుడి నీడ చూపించినా కథ అర్థమవుతుంది.