గుండె జబ్బు ఉన్నవారి విమాన ప్రయాణం: అనుమతి ఫారం ఎలా పంపాలి?

మన జిల్లాల్లో ఏ ఊరికి వెళ్ళినా అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇల్లు కనిపిస్తుంది. కోడలికి నెలలు నిండగానే ఇక్కడి అమ్మకు టికెట్టు వస్తుంది. ఆ అమ్మకు గుండె జబ్బు ఉంటే కుటుంబసభ్యులు డిశ్చార్జి కాగితాలు పట్టుకొని మా వార్డుకు వచ్చి, "సిస్టర్, డాక్టరుగారితో ఒక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించండి" అని అడుగుతారు. అటువంటి కుటుంబాల కోసమే ఈ పాఠం రాస్తున్నాను.

ఒక విషయం ముందే తెలుసుకోండి. "ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉన్నది" అని లెటర్‌హెడ్ మీద రాయించుకున్న ఒక్క వాక్యం చాలా విమాన సంస్థలకు సరిపోదు. వాళ్ళు అడిగేది మెడికల్ ఇన్ఫర్మేషన్ ఫారం. దానినే పొట్టిగా మెడిఫ్ అంటారు. సంస్థ వెబ్‌సైటులో గాని, టికెట్టు కొన్న ఏజెంటు దగ్గర గాని దొరుకుతుంది. మొదటి భాగంలో ప్రయాణికుని పేరు, బుకింగ్ నంబరు, విమానాల వివరాలు మీరు రాయాలి. రెండవ భాగం వైద్యం చేస్తున్న డాక్టరుగారు నింపి సంతకం చేయాలి. అది విమాన సంస్థ డాక్టరుకు వెళుతుంది. అనుమతి ఇచ్చేది ఆయనే. మన డాక్టరుగారు సమాచారం మాత్రమే ఇస్తారు.

ఇంతగా ఎందుకు అడుగుతారు?

విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఎగురుతుంది. లోపల గాలిని ఒత్తిడి చేసి నింపుతారు కాని, నేల మీద ఉన్నంత ఒత్తిడి ఉండదు. సుమారు 6,000 నుండి 8,000 అడుగుల కొండ మీద కూర్చున్నట్లు ఉంటుంది. ఊటీ పట్టణం ఎత్తు దాదాపు 7,300 అడుగులు. అంటే డాలస్ వెళ్ళే మీ అమ్మగారు పదహారు గంటలు ఊటీలో కుర్చీ దిగకుండా కూర్చున్నట్లే అనుకోండి. అక్కడ ఊపిరితో అందే ఆక్సిజన్ తగ్గుతుంది. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే నేల మీద 97 ఉన్న ఆరోగ్యవంతునికి కూడా విమానంలో 92, 93 దాకా దిగవచ్చు. అతని గుండె కాస్త వేగంగా కొట్టుకొని ఆ లోటు పూడ్చుకుంటుంది. కొట్టుకునే బలమే తగ్గిన గుండెకు ఆ పని కష్టం. నేల మీదనే 91 ఉన్న మనిషికి దిగడానికి మిగిలింది చాలా తక్కువ.

ఒక కుటుంబం సంగతి

రెండేళ్ళ క్రిందట బాపట్ల వైపు నుండి అరవై ఏడేళ్ళ అమ్మగారు మా దగ్గర ఉన్నారు. డిసెంబరు మొదటి వారంలో గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. తరువాత తీసిన ఎకోలో గుండె పంపు చేసే శక్తి 35 శాతం అని వచ్చింది. మామూలుగా అది 55 పైన ఉండాలి. జనవరి బాగానే గడిచింది. నెలాఖరున తెనాలిలో బంధువుల పెళ్ళికి బస్సులో వెళ్ళారు. దారిలో బాత్రూం ఇబ్బంది అని, నీరు తీసే మాత్ర నాలుగు రోజులు మానేశారు. ఫిబ్రవరి 3 రాత్రి పడుకోలేక, మూడు దిండ్లు పెట్టుకున్నా ఆయాసం తగ్గక ఆసుపత్రికి తెచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఫిబ్రవరి 8న ఇంటికి పంపాము. ఆమె టికెట్టు ఫిబ్రవరి 22కు ఉంది. కోడలికి మార్చి మొదటి వారంలో కాన్పు.

ఫారం నింపే రోజు కూతురు నన్ను పక్కకు పిలిచి, "సిస్టర్, ఈ మధ్య చేరిన సంగతి రాయకుండా ఉంటే కుదురుతుందా? గుండెపోటు రెండు నెలల క్రిందటిదే కదా!" అంది. ఆ పిల్ల తప్పు పట్టవలసిన మనిషి కాదు. అక్కడ తమ్ముడు ఒక్కడే ఉన్నాడు, సాయానికి ఎవరూ లేరు. కాని ఫారంలో గుండెపోటు తేదీ ఒక చోట, గుండె బలహీనతతో ఆయాసం చివరిసారి ఎప్పుడు వచ్చిందో ఇంకొక చోట విడివిడిగా అడుగుతారు. అంత దగ్గర తేదీ దాచిపెడితే, సముద్రం మీద ఆయాసం వచ్చినప్పుడు ఆమె సంగతి ముందుగా తెలిసినవారు విమానంలో ఎవరూ ఉండరు. దించడానికి దగ్గరలో విమానాశ్రయం కూడా ఉండకపోవచ్చు. ఈ మాటే నేను ఆమెతో చెప్పాను. డాక్టరుగారు ఫిబ్రవరి 3 అనే రాశారు.

ఫారంలో నాకు అన్నిటికంటే మేలైనదిగా కనిపించే ప్రశ్న ఒకటి ఉంది. రోగి మామూలు నడకతో వంద మీటర్లు నడవగలరా? లేక పది పన్నెండు మెట్లు ఎక్కగలరా? ఆయాసం గాని, ఛాతీ నొప్పి గాని లేకుండా. దీనికి యంత్రం అక్కరలేదు. మా వరండా ఈ చివరి నుండి ఆ చివరికి ఇరవై అయిదు మీటర్లు. రెండుసార్లు పోయి వస్తే వంద అవుతుంది. వేలికి క్లిప్పు పెట్టి ఆమెతో కలిసి నడిచాను. మొదటి చివర చేరకముందే గోడ పట్టుకొని నిలబడ్డారు. నడవకముందు 94 ఉన్నది 90కి దిగింది. "బాగానే ఉన్నానమ్మా, కాళ్ళు నొప్పులు అంతే" అన్నారు. పెద్దవాళ్ళు ఇలాగే అంటారు. అందుకే మీరు అడిగి రాయకండి, నడిపించి చూడండి.

ఫిబ్రవరి 14న ఫారం పంపారు. 16న జవాబు వచ్చింది: ఆయాసం వచ్చి మూడు వారాలు నిండలేదు, ఇప్పటికి అనుమతి లేదు, తిరిగి పరీక్షించి కొత్త ఫారం పంపండి. ఇంట్లో ఏడ్పులు. కొడుకు అక్కడి నుండి ఫోను చేసి, వేరే సంస్థ టికెట్టు కొంటాను, వాళ్ళు ఏమీ అడగరట అన్నాడు. ఎవరూ అడగకుండా ఎక్కినంత మాత్రాన ఊపిరితిత్తుల్లో నీరు ఆరిపోదు కదా! డాక్టరుగారు అతనితో పావుగంట మాట్లాడి ఒప్పించారు. టికెట్టు మార్చి 18కి మార్చారు.

ఆ నాలుగు వారాల్లో చేసినవి పెద్ద పనులేమీ కావు. నీరు తీసే మాత్ర రోజూ వేశారు. ఊరగాయ, అప్పడాలు మానారు. పొద్దున్నే మూత్రానికి వెళ్ళి వచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి నోటుబుక్కులో రాశారు. మార్చి 10న అదే వరండాలో వంద మీటర్లు ఆగకుండా నడిచారు. నడవకముందు 96, నడిచాక 94. రాత్రి ఒక దిండుతో పడుకుంటున్నారు. ఆ రోజే కొత్త ఫారం నింపాము. ఫారం మరీ పాతదైతే ఒప్పుకోరు. చాలా సంస్థలు ప్రయాణానికి పది, పధ్నాలుగు రోజుల లోపల సంతకం చేసినదే అడుగుతాయి. అలాగని చివరి రోజుదాకా ఆగకూడదు. కనీసం 48 నుండి 72 గంటల ముందు వాళ్ళకు చేరాలి. గడువు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తీరుగా ఉంటుంది కనుక మీ సంస్థ ఫారం మీద చూసుకోండి.

ఫారంతోపాటు కూతురు పంపిన ఉత్తరం చాలా చిన్నది. దాని సారాంశం ఇది:

"ఫలానా బుకింగ్ నంబరులో మార్చి 18న హైదరాబాదు నుండి ప్రయాణం చేసే మా అమ్మగారికి వైద్య అనుమతి కోరుతున్నాము. డిసెంబరులో గుండెపోటు, స్టెంట్. ఫిబ్రవరి 3న గుండె బలహీనతతో ఆయాసం, 8న డిశ్చార్జి. ఆ తరువాత ఆయాసం లేదు, ఛాతీ నొప్పి లేదు. వంద మీటర్లు నడిచారు. మీరు ఫిబ్రవరి 16న అడిగిన పరీక్ష వివరాలు, ఎకో, ఇ.సి.జి. జతచేశాము. నేను ఆమె వెంట ప్రయాణిస్తున్నాను. వీల్‌చైర్, నడవా పక్క సీటు, రెండు విమానాల్లోను నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్ కోరుతున్నాము."

మూడవ రోజున అనుమతి వచ్చింది.

ఇక్కడ ఆక్సిజన్ గురించి ఒక మాట. సీటు పైనుండి జారిపడే మాస్కులు విమానంలో గాలి ఒత్తిడి పోయినప్పుడు అందరి కోసం పెట్టినవి, మీ రోగి కోసం కాదు. ఇంట్లో వాడే సిలిండరును లోపలికి రానివ్వరు. సంస్థ నుండే ముందుగా కోరాలి. లేదా వాళ్ళు ఒప్పుకున్న బ్యాటరీ యంత్రం తీసుకువెళ్ళాలి. కొన్ని సంస్థలు ఆక్సిజన్‌కు డబ్బు తీసుకుంటాయి. మధ్యలో విమానం మారే చోట, విమానాశ్రయంలో వాళ్ళ ఆక్సిజన్ ఉండదు. ఈ అమ్మగారికి నేల మీద అవసరం లేదు కనుక ఇబ్బంది రాలేదు. మీ దారిలో రెండవ విమానం వేరే సంస్థదైతే, ఆ సంస్థ అనుమతి కూడా విడిగా అడగాలి. టికెట్టు మీద ఒక సంస్థ పేరు ఉండి, విమానం మరొకరు నడుపుతూ ఉంటారు. ఈ సంగతి ఏజెంటును గుచ్చి అడగండి. ఇలాగే ఒక పెద్దాయన దారి మధ్యలో పూట ఆగిపోవలసి వచ్చింది.

వీల్‌చైర్ ఒక్కటే కావాలంటే సాధారణంగా మెడిఫ్ అవసరం లేదు, బుకింగ్‌లో చెప్పితే చాలు. మెట్లు ఎక్కలేరా, సీటుదాకా కూడా నడవలేరా అన్నది మాత్రం స్పష్టంగా చెప్పండి.

అనుమతి వచ్చినంత మాత్రాన అయిపోలేదు. సంతకం చేసిన రోజు ఆరోగ్యానికే అది వర్తిస్తుంది. అందుకని మార్చి 17 పొద్దున కూడా బరువు చూసి నాకు ఫోను చేయమన్నాను. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, రాత్రి దిండ్లు పెరిగినా టికెట్టు సంగతి మరచి ఆసుపత్రికి రావాలి. ఆమె బరువు మారలేదు.

మందులన్నీ చేతిసంచిలోనే పెట్టించాము. చీటీ, ఎకో, ఇ.సి.జి. నకళ్ళు, నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా. పెద్ద పెట్టె ఇంకో ఊరు చేరితే మందులూ అటే పోతాయి. డాలస్‌లో గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది, వాళ్ళ చలికాలంలో పదకొండున్నర. కనుక ఏ మాత్ర ఎప్పుడు వేయాలో డాక్టరుగారు కాగితం మీద రాసి ఇచ్చారు. నీరు తీసే మాత్ర మానవద్దని ఎర్ర పెన్నుతో గీత గీశాను. నడవా పక్క సీటు అడిగింది అందుకే.

మనుమరాలు పుట్టిన రెండు వారాలకు ఆమె చేరారు. ఆమె తిరుగు ప్రయాణం సెప్టెంబరులో. మార్చిలో వచ్చిన అనుమతి దానికి చెల్లదు. అక్కడి డాక్టరు చూసి మళ్ళీ ఫారం నింపాలి. ముందునుండి ఉన్న జబ్బులకు ప్రయాణ బీమా చాలాసార్లు డబ్బు ఇవ్వదు. కాబట్టి ఆ డాక్టరు ఫీజు ఎంతో ముందే కనుక్కొని, ఆగస్టు చివర అపాయింట్‌మెంటు తీసుకొమ్మని కొడుకుకు చెప్పాము. బరువు రాసే నోటుబుక్కు ఆమె వెంట తీసుకెళ్ళారు. అక్కడి తూకం పౌనుల్లో చూపిస్తుందని మొదటి రోజు కంగారుపడి ఫోను చేశారు.