జాబ్ కాస్టింగా, ప్రాసెస్ కాస్టింగా?

ఆర్డర్‌పై టేకు తలుపు చేసిచ్చే వడ్రంగి షాపుకు జాబ్ కాస్టింగ్ తగినది. కలప రూ.18,000, కూలి రూ.6,000, కూలిపై 50 శాతం చొప్పున ఓవర్‌హెడ్లు రూ.3,000. ఇవన్నీ ఆ తలుపు జాబ్ కాస్ట్ షీట్‌లోనే రాస్తారు. మొత్తం రూ.27,000.

ఆగకుండా నడిచే నూనె ఫ్యాక్టరీలో ఏ కిలోకు ఎంతయిందో విడదీయలేం కనుక ప్రాసెస్ కాస్టింగ్ వాడతారు. అభ్యర్థులు తడబడేది ఇక్కడే. రిఫైనింగ్‌లో 1,000 కిలోలు వేశారు, ఖర్చు రూ.95,000, సాధారణ నష్టం 5 శాతం, ఆ వృథాకు అమ్మకపు విలువ లేదు అనుకుందాం. ఖర్చును 1,000తో కాదు, 950తో భాగించాలి. కిలో రూ.100 అవుతుంది. తీరా 930 కిలోలే వస్తే, తగ్గిన 20 కిలోలు అసాధారణ నష్టం. వాటి విలువ రూ.2,000ను మిగిలిన నూనెపై వేయకూడదు. కాస్టింగ్ లాభనష్టాల ఖాతాకు మళ్లించాలి.